అన్నీ మొటిమలు కావు

(మహిళా పొదుపు సంఘం సమావేశంలో ఒక నర్సమ్మ మాట్లాడిన మాటలు)



పోయిన నెల సమావేశంలో మీలో ఒకామె నన్ను ఒక మాట అడిగింది. "నర్సమ్మా, మా అమ్మాయికి నుదుటి మీద, వీపు మీద సన్న పొక్కులు వచ్చాయి. మొటిమల మందు రెండు ట్యూబులు అయిపోయాయి. తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి. ఎందుకంటావు?" అని. ఆ రోజు టైము చాలలేదు. ఈ రోజు ఆ సంగతే చెబుతాను.

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ విషయంలో నేను కూడా ఒకసారి పొరపాటు పడ్డాను. ఆ కథతోనే మొదలుపెడతాను.

సుజాత కథ

ఆ పిల్లను సుజాత అందాం. అసలు పేరు అది కాదు. వయసు 19 ఏళ్ళు. గుంటూరు వైపు ఒక నూలు మిల్లులో పని చేసేది. మిల్లులో దారం తెగకుండా ఉండాలని లోపల గాలిని తేమగా ఉంచుతారు. దాంతో ఒకటే ఉక్కపోత. పైన పాలిస్టర్ కోటు వేసుకోవాలి. జుట్టు మిషనులో పడకుండా తలకు గుడ్డ బిగించి కట్టుకోవాలి. సుజాత పొద్దున్నే తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టి జడ వేసుకునేది. ఎనిమిది గంటలు అలాగే పని చేసేది. నూనె, చెమట కలిసి నుదుటి మీదికి కారేవి.

ఎండలు ముదిరాక నుదుటి పైన, జుట్టు అంచున సన్న పొక్కులు లేచాయి. పది రోజులకు వీపు పైభాగం మీద, భుజాల మీద, ఎద మీద కూడా వచ్చాయి. అందరూ "వయసు పిల్ల కదా, మొటిమలే" అన్నారు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు, కొన్ని గొట్టాల మందులు ఇచ్చారు. గొట్టాలు అంటే యాంటీబయాటిక్ మందు. ట్యూబు రాసుకుంటే చర్మం ఎండిపోయి బిరుసెక్కింది. బిరుసు పోవాలని రాత్రిపూట వీపుకు కొబ్బరినూనె రాసుకుంది.

పది రోజులు గడిచాయి. నా దగ్గరకు వచ్చింది. "ఆంటీ, పొక్కులు పెరుగుతున్నాయి. మందు ఆపేయనా?" అని అడిగింది.

నేను ఏమన్నానో తెలుసా? "మందు మధ్యలో ఆపకూడదమ్మా. పూర్తిగా వాడు" అన్నాను. మధ్యలో ఆపకూడదన్న మాట మంచిదే. కాని అది సరైన రోగానికి సరైన మందు పడినప్పుడు. నేను ఆ పిల్ల వీపు చూడలేదు. దురద ఉందా అని అడగలేదు. అదే నా తప్పు.

ఇంకో పది రోజులు మందు వాడింది. వీపు నిండా పొక్కులే. చెమట పడితే చాలు, దురద. మిల్లులో గోడకు వీపు రుద్దుకునేది. అప్పుడు పక్కింటామె తన దగ్గరున్న క్రీము ఇచ్చింది. "నాలుగు రోజుల్లో నున్నగా అవుతుంది" అంది. నిజంగానే నాలుగు రోజుల్లో దురద తగ్గింది, ఎరుపు తగ్గింది. రెండో వారానికి పొక్కులు రెండింతలయ్యాయి.

అంతలో పెళ్ళి చూపుల మాట వచ్చింది. ఇంట్లో వాళ్ళకు భయం పట్టుకుంది. సుజాత తువ్వాలు, సబ్బు వేరు చేశారు. చెల్లెలిని పక్కన పడుకోనివ్వలేదు. ఆ పిల్ల నా దగ్గర కూచుని ఏడ్చింది. "ఆంటీ, నాకేమన్నా అంటురోగమా?" అంది. అప్పుడు నేనే వెంటబెట్టుకుని ఏరియా ఆసుపత్రికి, చర్మం డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఏం చూసింది?

డాక్టరమ్మ నుదురు చూసింది. వీపు చూసింది. మూడు ప్రశ్నలు అడిగింది. "దురదా, నొప్పా?" "చెమట పడితే ఎక్కువవుతుందా?" "ఇంతకుముందు ఏ మందులు వాడావు?"

తర్వాత ఒక పొక్కును కొంచెం గీకి, అందులోది గాజు పలక మీద పెట్టింది. దాని మీద ఒక మందు చుక్క వేసింది. ఆ చుక్క చర్మపు పొలుసును కరిగిస్తుంది. అప్పుడు లోపల ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, నన్ను కూడా చూడమంది. గసగసాల్లాగా గుండ్రని గింజలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కొన్ని గింజలకు పక్కన చిన్న పిల్ల గింజ అంటుకుని ఉంది. తల్లి గింజ నుంచి పిల్ల గింజ మొలుస్తున్నదన్నమాట.

"ఇవి మొటిమలు కావు. ఇది ఫంగస్" అంది డాక్టరమ్మ.

కల్లు వేరు, పెరుగు వేరు

ఈ ఫంగస్ సంగతి అర్థం కావాలంటే మనకు తెలిసిన రెండు వస్తువులు తీసుకుందాం. పాలు తోడుకుని పెరుగవుతాయి. ఆ పని చేసేది బాక్టీరియా అనే సూక్ష్మజీవి. చెట్టు నుంచి దించిన కల్లు కాసేపటికి నురగ కట్టి పులుస్తుంది. అందులో ముఖ్యమైన పని చేసేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. ఈస్ట్ కూడా ఒక రకం ఫంగసే. రెండూ కంటికి కనిపించవు. కాని రెండు జాతులు వేరు. ఒకదాన్ని చంపే మందు రెండోదాన్ని చంపదు.

మన చర్మం మీద కూడా ఈ రెండు జాతులూ ఉంటాయి. నా మీద ఉన్నాయి. మీ మీద ఉన్నాయి. అది రోగం కాదు. చర్మం మీద ఉండే ఈ ఈస్ట్ పేరు మలసీజియా. మన చర్మంలో ఊరే జిడ్డే దానికి తిండి. తలలో చుండ్రు వచ్చేది దీనివల్లే. మెడ మీద, వీపు మీద తెల్లగానో, గోధుమ రంగుగానో శోభి మచ్చలు వచ్చేది కూడా దీనివల్లే. కొన్ని చోట్ల దాన్ని సిబ్బెం అంటారు.

ఒక్కో వెంట్రుక ఒక్కో చిన్న గుంటలో నుంచి మొలుస్తుంది. దాన్ని వెంట్రుక కుదురు అంటారు. చెమట, జిడ్డు, వేడి ఎక్కువైతే ఈ ఈస్ట్ కుదుళ్ళలో విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు కుదురు వాచి పొక్కు లేస్తుంది. దీన్నే జనం ఫంగస్ మొటిమలు అంటున్నారు. పేరులో మొటిమ ఉన్నా ఇది మొటిమ కాదు.

మరి అసలు మొటిమ ఏమిటి? అందులో ముందు కుదురు నోరు మూసుకుపోతుంది. చర్మపు పొట్టు, జిడ్డు కలిసి బిరడా లాగా అడ్డుపడతాయి. లోపల జిడ్డు నిలవ ఉంటుంది. అందులో బాక్టీరియా పెరుగుతుంది. వాపు, చీము వస్తాయి. అందుకే మొటిమల మందులు రెండు పనులు చేస్తాయి. ఒకటి, ఆ బిరడాను విప్పుతాయి. రెండు, బాక్టీరియాను తగ్గిస్తాయి. ఈస్ట్‌ను అదుపు చేయడం వాటి పని కాదు.

మొటిమల మందుతో ఎందుకు పెరిగాయి?

వరి పొలంలో కలుపు మందు కొడతాం. ఆ మందు వెడల్పాకు కలుపును మాత్రమే చంపేదైతే ఏమవుతుంది? వెడల్పాకు కలుపు చస్తుంది. ఖాళీ అయిన చోట గడ్డి జాతి కలుపు ఏపుగా పెరుగుతుంది. సుజాత చర్మం మీద జరిగింది ఇదే. గొట్టాల మందు బాక్టీరియాను చంపింది. పోటీ లేని చోట ఈస్ట్ విస్తరించింది. ఇది ఈ మధ్య తెలిసిన సంగతి కాదు. యాంటీబయాటిక్ వాడినవారికి మొటిమల లాంటి పొక్కులు వస్తున్నాయని 1969లోనే అమెరికాలో కొందరు డాక్టర్లు రాశారు.

ఇక ట్యూబు మందు. అది మొటిమలకు మంచి మందే. కాని చర్మాన్ని ఎండబెడుతుంది. ఎండిన చర్మానికి సుజాత కొబ్బరినూనె రాసింది. ఈ ఈస్ట్‌కు నూనెలోని కొవ్వు తిండి. లాబరేటరీలో దీన్ని పెంచాలంటే కూడా నూనె కలిపిన తిండే పెడతారు. అంటే రోజూ రాత్రి ఆ పిల్ల తెలియక ఈస్ట్‌కు అన్నం పెట్టింది.

మూడోది పక్కింటామె క్రీము. అది స్టెరాయిడ్ క్రీము. స్టెరాయిడ్ వాపును, దురదను అణచేస్తుంది. అందుకే నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించింది. కాని అది ఫంగస్‌ను చంపదు. ఫంగస్‌తో పోరాడే మన ఒంటి శక్తిని అక్కడ తగ్గిస్తుంది. పొయ్యి ఆర్పకుండా పొగ కనబడకుండా మూత పెట్టినట్టు. ఎక్కువ రోజులు మొహానికి రాస్తే చర్మం పలచబడుతుంది. మొహం ఎర్రబడి మండుతుంది. స్టెరాయిడ్ వల్లనే కొత్త పొక్కులు కూడా వస్తాయి.

చూశారా? మూడు మందులూ చెడ్డవి కావు. కాని ఈ రోగానికి మూడూ తప్పే.

ఎలా గుర్తు పట్టాలి?

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా పొక్కులు వస్తే నాలుగు సంగతులు చూడండి.

మొదటిది సైజు. ఫంగస్ పొక్కులు జల్లెడ పట్టిన ఆవాల లాగా ఉంటాయి. అన్నీ సన్నవే. అన్నీ ఇంచుమించు ఒకే సైజు. కొన్నిటి కొనన కొంచెం చీము ఉండవచ్చు. మొటిమలు అలా కాదు. ఆవగింజంత ఒకటి, పెసరగింజంత ఒకటి, కందిగింజంత ఒకటి కలగాపులగంగా ఉంటాయి. కొన్ని లోపల గడ్డ కట్టి ఉంటాయి.

రెండోది దురద. ఫంగస్ పొక్కులు ఎక్కువ మందికి దురద పెడతాయి. చెమట పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. మొటిమలు ఎక్కువగా నొప్పి పెడతాయి. నొక్కితే సలుపుతాయి.

మూడోది చోటు. ఫంగస్ పొక్కులు ఎక్కువగా వీపు పైభాగం, ఎద, భుజాలు, దండచేతుల మీద వస్తాయి. మొహం మీద వస్తే నుదుటి మీద, జుట్టు అంచున, గడ్డం కింద వస్తాయి. మొటిమలు ఎక్కువగా బుగ్గలు, ముక్కు, గడ్డం మీద వస్తాయి. కొందరికి వీపు మీద కూడా వస్తాయి.

నాలుగోది నల్ల చుక్కలు. మొటిమలున్న చోట ముక్కు మీద, బుగ్గల మీద నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు కనిపిస్తాయి. అవే నేను చెప్పిన బిరడాలు. ఫంగస్ పొక్కుల్లో అవి ఉండవు. డాక్టర్లకు ఇది చాలా ముఖ్యమైన గుర్తు.

సుజాతకు నాలుగూ సరిపోయాయి. పొక్కులన్నీ ఒకే సైజు. దురద. వీపు, ఎద, నుదురు. ఒక్క నల్ల చుక్క కూడా లేదు. వీటికి తోడు యాంటీబయాటిక్ వాడాక పెరిగాయి. ఇది ఐదో గుర్తు అనుకోండి.

అయితే కంటితో చూసి ఖాయం చేయలేం. కొందరికి మొటిమలు, ఫంగస్ పొక్కులు రెండూ కలిసి ఉంటాయి. అలాంటివాళ్ళకు రెండు రకాల మందులూ కావాలి. చెమటకాయలు కూడా సన్నగా, ఒకే తీరుగా ఉంటాయి. కాని అవి చల్లగా ఉంటే కొద్ది రోజుల్లో పోతాయి. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో కూడా పొక్కులుంటే అది గజ్జి కావచ్చు. ఇంట్లో నలుగురికి దురద ఉంటే గజ్జినే అనుమానించాలి. అందుకే గుర్తులు తెలుసుకోవడం మనం మందు కొనుక్కోవడానికి కాదు. డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి.

సుజాతకు ఎలా తగ్గింది?

డాక్టరమ్మ ముందు పాత మందులు మూడూ ఆపించింది. వీపుకు నూనె ఆపించింది. ఫంగస్‌ను చంపే షాంపూ రాసింది. దాని పేరు కీటోకొనజోల్, 2 శాతం. చుండ్రుకు కూడా ఇదే ఇస్తారు. తలకే కాదు, ఒంటికి కూడా వాడమంది. వాడే పద్ధతి చెప్పింది. ఒళ్ళు తడుపుకోవాలి. షాంపూ నురగను పొక్కులున్న చోట పట్టించాలి. ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. కళ్ళలో పడకుండా చూసుకోవాలి. తర్వాత కడుక్కోవాలి. రాసిన వెంటనే కడిగేస్తే మందు పని చేయదు. చాలామంది చేసే తప్పు ఇదే.

ఈస్ట్ కుదురు లోతులో ఉంటుంది. అక్కడికి పైపూత పూర్తిగా అందదు. సుజాతకు వీపు నిండా ఉన్నాయి కాబట్టి కొన్ని రోజులకు మాత్రలు కూడా ఇచ్చింది. ఇచ్చే ముందు "పెళ్ళయిందా? నెల తప్పిందా? కామెర్లు వచ్చాయా? వేరే మాత్రలు వాడుతున్నావా?" అని అడిగింది. ఎందుకంటే ఈ మాత్రలు కొందరి కాలేయానికి పడవు. గర్భిణులకు మంచివి కావు. కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం. కాబట్టి ఒకరికి రాసిన మాత్రలు ఇంకొకరు మింగకూడదు.

వారానికి దురద తగ్గింది. మూడు, నాలుగు వారాలకు పొక్కులు అణిగాయి. నల్లటి మచ్చలు మాత్రం కొన్ని నెలలు ఉండి మెల్లగా పోయాయి. మచ్చ ఉందంటే రోగం ఉన్నట్టు కాదు.

మరుసటి ఏడు ఎండల్లో మళ్ళీ నాలుగైదు పొక్కులు లేచాయి. ఇది ఈ రోగం స్వభావం. ఈస్ట్ మన చర్మం మీదే ఉంటుంది కదా, పూర్తిగా పోదు. అందుకే ఎండాకాలంలో వారానికి ఒకసారి అదే షాంపూ ఒంటికి వాడమని డాక్టరమ్మ చెప్పింది. సుజాత ఇప్పుడు పని నుంచి రాగానే స్నానం చేస్తుంది. చెమట బట్టలు వెంటనే మారుస్తుంది. కోటు లోపల నూలు బట్ట వేసుకుంటుంది. తలనూనె రాత్రి రాసుకుని పొద్దున్నే తలంటుకుంటుంది, లేదా కొసలకే రాసుకుంటుంది. ఒళ్ళు గట్టిగా రుద్దడం మానేసింది. రుద్దితే ఈస్ట్ పోదు. చర్మం గీసుకుపోతుంది.

ఇంట్లో వాళ్ళకు డాక్టరమ్మే చెప్పింది. "ఇది అంటురోగం కాదు. ఈ ఈస్ట్ మీ అందరి మీదా ఉంది. తువ్వాలు వేరు చేయనక్కర్లేదు. పిల్లను దూరం పెట్టనక్కర్లేదు" అని. ఆ రాత్రి చెల్లెలు మళ్ళీ అక్క పక్కన పడుకుంది.

మందుల షాపు దగ్గర

చివరగా ఒక్క సంగతి. మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. మనలో చాలామందికి ఇంకా ఆ అక్షరాలు రావు. అయినా రెండు పనులు చేయగలం.

మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే వాడాల్సిన మందు. ఈ గీత గురించి మన దేశంలో 2016లో పెద్దగా ప్రచారం చేశారు. యాంటీబయాటిక్ మందుల మీద ఈ గీత ఉంటుంది.

క్రీము కొనేటప్పుడు షాపాయనను అడగండి. "అన్నా, ఇందులో స్టెరాయిడ్ ఉందా? మందు పేరు చదివి చెప్పు" అనండి. ఈ మూడు పేర్లు తెలుగులో రాసి ఉంచుకోండి: బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్. ఇవి స్టెరాయిడ్లు. మొహం తెల్లబడుతుందని అమ్మే కొన్ని క్రీములలో కూడా ఇవి కలిపి ఉంటాయి. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. ఇప్పటికే నెలల తరబడి మొహానికి రాస్తున్నవారు ఒక్కసారిగా ఆపితే మొహం మండవచ్చు. వాళ్ళు డాక్టరుకు చూపించి ఆపాలి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబులు, అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. ఖాళీవైనా సరే. సుజాత సంచి చూశాకే డాక్టరమ్మకు సగం సంగతి అర్థమైంది.

పోయిన నెల నన్నడిగిన అక్కా! మీ అమ్మాయి మందుల సంచి తీసుకుని బుధవారం నా దగ్గరకు రండి. ఈసారి నేను ముందు వీపు చూస్తాను. దురద ఉందా అని అడుగుతాను. తర్వాత ఇద్దరం కలిసి చర్మం డాక్టరు దగ్గరకు పోదాం.

సెలవు.

చదివి చెప్పండి:

1. సుజాతకు ఫంగస్ పొక్కులని చెప్పే నాలుగు గుర్తులు ఏవి?

2. స్టెరాయిడ్ క్రీముతో మొదట తగ్గి, తర్వాత ఎందుకు పెరిగాయి?

3. మీ ఇంట్లో డాక్టరు చీటీ లేకుండా కొన్న క్రీము ఏదైనా ఉందా? దాని పేరు ఎవరిచేతనైనా చదివించి తెలుగులో రాయండి.